అన్న ఆపేసిన మాత్ర

నందికొట్కూరులో స్టీలు సామాన్ల అంగడి నడిపే సుందరానికి ఆరు నెలలకోసారి కర్నూలు ప్రయాణం తప్పదు. అతని కాలేయంలో హెపటైటిస్ బి వైరస్ ఉంది. అన్న తేజేశ్వర్‌కు వచ్చినట్టే అతనికీ పుట్టుకతో తల్లి నుంచి వచ్చింది. ప్రతిసారీ డాక్టరు రక్తం పరీక్ష చేయించి, స్కానింగు చూసి ఒకటే మాట చెప్పేవాడు. "వైరస్ శానా తక్కువుండాది. కాలేయానికి దెబ్బ లేదు. ఇప్పుడు మాత్రలొద్దు. అట్లని రావడం మానొద్దు."

మాత్రలొద్దు అన్న ఆ మాట వింటే చాలు, సుందరానికి ప్రాణం లేచొచ్చేది. ఆ ఇంట్లో మాత్ర మొదలుపెట్టడమంటే చావు మొదలైనట్టే మరి. నాలుగేళ్ళ కిందట తేజేశ్వర్ మాత్ర మొదలుపెట్టాడు, ఏడాది తిరక్కుండానే పోయాడు. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే తన కళ్ళలోంచి అన్న పచ్చటి కళ్ళు చూస్తున్నట్టుండేది సుందరానికి. ఎంత తుడిచినా అద్దం ఆ చూపును వదిలేది కాదు.

రెండు వేల ఎనిమిది వానాకాలంలో డాక్టరు మాట మారింది. "పోయినసారి కాలేయం ఎంజైము పెరిగిందని మూడు నెలలకే రమ్మన్నా. ఇప్పుడింకా పెరిగింది. వైరస్ లక్షల్లోకి పోయింది. ఇన్నాళ్ళూ అణిగి ఉన్నది లేచి కాలేయాన్ని కొడతాండాది. ఇంక మాత్ర మొదలుపెట్టాల."

సుందరం కుర్చీలోంచి లేచాడు. "మా యన్న మాత్ర మింగే పోయినాడు సార్."

"కడదాకా మింగినాడా?"

"లేదు సార్. ఒళ్ళు బాగయిందని ఆపినాడు. మాయమ్మ పసరు తాపింది. పసరుకు పథ్యం, ఇంగ్లీషు మందు కూడదన్నారు. మూడు నెలలకు కళ్ళు పచ్చబడినాయి."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "మాత్ర వైరస్‌ను అణిచిపెడతాదే గానీ తుడిచెయ్యదప్పా. అడక్కుండా ఆపితే ఒక్కసారిగా లేస్తాది. మీ యన్నను మాత్ర తీసుకపోలేదు. ఆపడం తీసుకపోయింది."

బస్సులో సుందరానికి అమ్మే కళ్ళ ముందు మెదిలింది. రోజూ పరగడుపున, కొడుకు బాగుపడాలని, ఆకు నూరి పిండి గ్లాసులో పోసి ఇచ్చిన అమ్మ. ఇన్నాళ్ళూ అన్న తన వెంట పడుతున్నాడనుకున్నాడు. ఇప్పుడు ఆ ఊహలో అన్న అమ్మ పక్కన, ఆమె ఇచ్చిన గ్లాసు పట్టుకొని కూర్చుని ఉన్నాడు. అది ఇంకా భయంకరంగా ఉంది.

డాక్టరు పరగడుపున మింగమన్నాడు. మర్నాడు పొద్దున్నే మాత్ర తీస్తుంటే తల్లి రాజ్యలక్ష్మమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాయనా. వాడూ ఇట్లనే మొదలుపెట్టినాడు. నేను పసరు తెస్తా."

సుందరం మెల్లగా చెయ్యి విడిపించుకొని మింగేశాడు. "డాక్టరు చెప్పేదాకా ఇది ఆపనమ్మా."

ఆపను అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. "వాడు... ఆపకుండా ఉంటే బతికేవాడా?"

"అది నేను అడగలేదమ్మా," అన్నాడు సుందరం. ఎట్లయినా బతికేవాడు కాదని అంతకంటే పెద్ద అబద్ధం ఆడలేకపోయాడు.

ఆ మరుసటి పొద్దున అతను లేచేసరికి ఆమె గ్లాసు పట్టుకొని మంచం పక్కన నిలబడి ఉంది. తేజేశ్వర్ పోయినప్పటి నుంచి ఎవరూ ముట్టుకోని పసరు గ్లాసు అది. అందులో మంచినీళ్ళున్నాయి, రెండో చేతిలో మాత్ర ఉంది.

"మింగు నాయనా," అంది. "నేను చెప్పినా ఆపొద్దు."