పద్నాలుగున వచ్చిన లారీలు

1978లో ఢిల్లీ కంటోన్మెంటులో, సైఫర్ గదిలో పనిచేసేవాణ్ణి. రహస్య సందేశాలు విప్పడం నాకు నేర్పింది మా హవల్దారు బసవపున్నయ్య. తెనాలి మనిషి. అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ఇప్పుడా పిలుపు గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన నేర్పిన లెక్క ఇదీ. పంపేవాళ్ళ దగ్గరా మా దగ్గరా ఒకే అంకెలున్న షీటు ఉంటుంది. మూడో కాపీ ఉండదు. అసలంకె ఏడు, షీటులో అయిదు ఉందనుకోండి. కలిపితే పన్నెండు. ముందున్న ఒకటి వదిలేసి రెండు పంపుతారు. మేం ఆ రెండుకు పది కలిపి, పన్నెండులోంచి అయిదు తీస్తే మళ్ళీ ఏడు తేలుతుంది. షీటు లేనివాడు ఆ రెండును ఎంతసేపు చూసినా, అసలంకె సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదైనా కావచ్చు. పని కాగానే షీటు కాల్చేస్తాం.

ఆ జులైలో ఒక సందేశం విప్పాను. ఓ యూనిట్ సామాను పద్నాలుగున ఘాజియాబాద్‌లో రైలెక్కించాలట. ఆ పూట లైనంతా గరగర. అనుమానమొచ్చి అన్నయ్యకు చూపించాను.

"మళ్ళీ పంపమని అడుగు. నా సంతకం దేనికిలే, నువ్వే పెట్టెయ్ తమ్ముడూ," అన్నాడు.

నా మీద ఎంత నమ్మకమో అని మురిసిపోయాను, వెర్రివెధవని.

అన్నయ్య డ్యూటీ దిగి వెళ్ళాక సందేశం మళ్ళీ వచ్చింది. తేదీలో రెండో అంకెకు వాళ్ళు పంపిన రెండు, మొదటిసారి దారిలో చెడి మాకు తొమ్మిదిగా చేరింది. తొమ్మిదిలోంచి అయిదు పోతే నాలుగే మరి. అసలు తేదీ పదిహేడు. అదే పైఅధికారులకు రాసిచ్చి, పద్నాలుగు అని రాసున్న కాగితాన్ని షీటుతోపాటు కాల్చేశాను.

పద్నాలుగు పొద్దున్నే, ఎవరూ పిలవకుండానే, ఓ కాంట్రాక్టరు లారీలు ఘాజియాబాద్ రైలు సైడింగులో బారులు తీరాయి. సంగతి బయటికి పొక్కిందని విచారణ పెట్టారు.

విచారణకొచ్చిన మేజరు, సందేశం పంపిన ఆఫీసును అనుమానించాడు. నేను నోరు మూసుకోవచ్చుగా!

"వాళ్ళు కాదు సాబ్. వాళ్ళు రాసింది పదిహేడు. లైను మీద దొంగచాటుగా విన్నవాడికి షీటు లేదు. పద్నాలుగు పుట్టిందే మా గదిలో..."

చెబుతుండగానే నాకు వెలిగింది. ఆ అంకె చూసింది మేమిద్దరమే. నేనెవరికీ చెప్పలేదు.

మేజరు బసవపున్నయ్య వైపు తిరిగాడు.

"నేనా సందేశం చూడనే లేదు సాబ్. విప్పిందీ, మళ్ళీ అడిగిందీ, కాల్చిందీ త్యాగరాజే. సంతకాలు చూడండి," అన్నాడాయన హిందీలో, కళ్ళు ఆర్పకుండా.

అన్నీ నా సంతకాలే. కోర్టు మార్షల్ తప్పదని మేజరు అక్కడే చెప్పేశాడు. నా బెల్టు విప్పించారు.

అప్పుడు బసవపున్నయ్య దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. మెల్లిగా, తెలుగులో అన్నాడు: "ఏవనుకోకు తమ్ముడూ. నా పెన్షనుకింకా ఎనిమిది నెలలే ఉంది. నువ్వు కుర్రాడివి, ఎట్టాగోట్టా బతుకుతావు."

తెలుగు రాని మేజరు, "క్యా బోల్ రహా హై?" అని అడిగాడు.

"ధైర్యం చెబుతున్నాను సాబ్," అన్నాడు బసవపున్నయ్య హిందీలో.

మేజరు మెచ్చుకోలుగా తల ఊపాడు.