స్టీఫెన్ కామెంటు

మా షాపు జమ్మికుంటలో, పత్తి మార్కెట్ దారిలో. ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్ముతాను. మా షాపు ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పోటీ పెట్టాలనిపించి క్యాప్షన్ నేనే రాశాను. అందరికీ అర్థం కావాలని తేలిక మాటల్లో రాశాను. చదివితే కదా జనం!

"ఒక జత ఇయర్‌బడ్స్ ఉచితం. మా పేజీని ఫాలో చేయండి. ఇవి పెట్టుకుని మొదట ఎవరి మాట వింటారో కామెంటు రాయండి. ఒకరికి ఒకే కామెంటు, సొంత ఖాతా నుంచే. శనివారం సాయంత్రం ఆరింటికి ముగింపు. ఆదివారం లైవ్‌లో చీటీ తీస్తాం. గెలిచినవారు రెండు రోజుల్లో షాపుకొచ్చి, ఆ ఖాతా, గుర్తింపు కార్డు చూపి తీసుకెళ్లాలి. ఏమీ కొనక్కర్లేదు. చెల్లని కామెంట్లు తొలగిస్తాం. ఈ పోటీతో ఇన్‌స్టాగ్రామ్‌కు సంబంధం లేదు."

నూట పన్నెండు మంది రాశారు. చీటీలో స్టీఫెన్ పేరొచ్చింది. అతని కామెంటు రెండే మాటలు: "మా అవ్వది." ముచ్చటేసి, "స్టీఫెన్ గారూ, మీరే గెలిచారు" అని మెసేజ్ పెట్టాను.

సోమవారం మధ్యాహ్నం అరవయ్యేళ్ల ఆమె వచ్చింది. పేరు రిబ్కమ్మ, స్టీఫెన్ తల్లినని చెప్పి, ఫోన్ తీసి ఖాతా చూపించింది.

"స్టీఫెన్ రాలేదా పెద్దమ్మా?"

"వాడు లేడు బిడ్డా. యాక్సిడెంట్ల పోయి ఏడాదిన్నర. ఫోన్ నా దగ్గర్నే ఉన్నది. గా కామెంటు నేనే రాసిన."

నాకు కోపమొచ్చింది, ఆమె మీద కాదు, నేను రాసిన నియమం మీద. అయినా నూట పదకొండు మంది చూస్తున్నారు. "సొంత ఖాతా కాదు కదా, చెల్లదు పెద్దమ్మా. మళ్ళీ చీటీ తియ్యాలె" అన్నాను.

"తియ్యి. నాకు గవి ఎందుకు? నువ్వు వాని పేరు పెట్టి రాసినవు సూడు, గంతే సాలు. వానికి ఎవ్వలు మెసేజ్ పెడ్తలేరు. కామెంటు మాత్రం తీసెయ్యకు బిడ్డా."

ఆమె వెళ్లాక కామెంటు ఎందుకు చెల్లలేదో పేజీలో చెప్పి, లైవ్‌లోనే మళ్ళీ చీటీ తీశాను. హుస్నాబాద్ అమ్మాయికి వచ్చింది. తర్వాత క్యాప్షన్‌లో "తొలగిస్తాం" అన్నచోట "లెక్కలోకి రావు" అని మార్చాను.

ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు. షాపులోనే కౌంటరు వెనక కూర్చుని అన్నం డబ్బా విప్పాను. దాన్ని పక్కన పెట్టి ఫోన్ తీశాను. స్టీఫెన్ కామెంటు కింద రాశాను: "స్టీఫెన్, మీ అవ్వ మా షాపుకు వచ్చి పోయింది."

కాసేపటికి స్టీఫెన్ ఖాతా నుంచి జవాబొచ్చింది.

"ఏమన్నది?"

ఫోన్ పట్టుకుని ఏడ్చాను. చివరికి రాశాను: "నీ ముచ్చట్లే చెప్పింది."