బల్బు వెలిగింది, ఎర్తు లేదు

అద్దె ఇంట్లో సామాను దించే ముందు కరెంటు వైరింగ్ ఎలా చూసుకోవాలో మా కాలనీ గ్రూపులో ఒక జాబితా పెట్టాను. శివజ్యోతి దాన్ని ఫోన్‌లో తెరిచి పట్టుకొని వచ్చింది. ఆమె నర్సు. రాజంపేట నుంచి కడపకు బదిలీ అయింది. రెండేళ్ల కూతురుంది.

"నువ్వు చూసి మంచిదంటేనే రేపు సామాన్లు దించుతాన్నా" అని పొద్దున ఫోన్ చేసింది. యాడని కూడా సరిగ్గా అడగకుండా ఒప్పుకున్నాను. రెండో అంతస్తు తలుపు ముందు నిలబడ్డాక తెలిసింది. పదహారేళ్ల కింద ఈ ఇంటికి వైరింగ్ చేసింది నేనే.

ఇంటి యజమానురాలు కృష్ణవేణమ్మ తాళం తీస్తూ గుర్తుపట్టింది.

"ఏమప్పా ఓబులేసూ! నీ పనిని నువ్వే పరీక్ష చేసేకి వచ్చినావా? మార్కులు బాగేసుకో."

సంచిలోంచి టెస్టర్ తీశాను.

"మొదటిది ప్లగ్గులు" అని శివజ్యోతి చదివింది. ఒక్కొక్కదానికి టెస్టర్ పెట్టాను. కుడి రంధ్రంలో వెలగాలి, ఎడమ దాంట్లో వెలగకూడదు. అన్నీ అట్లాగే ఉన్నాయి. హాల్లో ఒక ప్లగ్గు మాత్రం గోడలో ఊగుతోంది. మార్చాలని చెప్పాను.

"రెండోది కాలిన వాసన."

నేను తెచ్చిన ఇస్త్రీ పెట్టెను వంటింటి పెద్ద ప్లగ్గుకు పెట్టి పది నిమిషాలు ఉంచాం. ముందు పసిగట్టింది శివజ్యోతే.

"అన్నా, చేపల వాసన వస్తాంది!"

"మేము చేపలు ముట్టంలేమ్మా" అంది కృష్ణవేణమ్మ.

"చేపలు కాదక్కా. లోపల వైరు వదులై ప్లాస్టిక్ వేడెక్కితే ఇట్లనే వస్తాది" అని స్విచ్ ఆపి, ప్లగ్గు రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ చూపించాను.

మూడోది పాత బోర్డు. చెక్క బోర్డు మీద రెండు పింగాణీ ఫ్యూజులు, ఒకటి కరెంటు వచ్చే ఫేజుకు, ఒకటి తిరిగిపోయే న్యూట్రలుకు. ఒకటి లాగి చూస్తే సన్న ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట లావు రాగి పోగులు చుట్టి ఉన్నాయి.

"ఇట్ల చుడితే ఫ్యూజు కాలదమ్మా, గోడలో వైరే కాలిపోతాది. ఈ బోర్డే తీసేయాల. షాక్ కొడితే టక్కున పడిపోయే బ్రేకర్ పెట్టుకోవాల."

కృష్ణవేణమ్మ సరేనంది.

"ఇంగ ఎర్తు. బల్బు పెట్టి చూడమని రాసినావు."

బాత్రూంలో గీజరు ప్లగ్గు. బల్బు తీగ ఒకటి ఫేజులో, ఒకటి పైనున్న ఎర్తు రంధ్రంలో పెట్టాను. ఎర్తు ఉంటే వెలగాలి. నిండుగా వెలిగింది.

"అబ్బ, బాగుండాది! పాపకు పొద్దున్నే వేడినీళ్లు పోయాల. ఇది చూసినాక ధైర్యం వచ్చిందన్నా."

నా జాబితా అక్కడికి అయిపోయింది. రాసిన రోజు, బల్బు ఒక్కటే చాలదని ఇంకో మాట రాయాలని తెలుసు. వేలు ఫోన్ మీదే ఆగింది. రాస్తే నా సంగతే బయటపడుతుందని వదిలేశాను.

"సామాన్లు తెచ్చుకోవద్దమ్మా" అన్నాను.

"అదేంది, బల్బు వెలిగె గదా?"

"వెలుగుతాది. వెలిగేటట్లు నేనే చేసినా."

మెయిను ఆపి, రెండు ఫ్యూజులూ లాగేసి, గీజరు ప్లగ్గులో న్యూట్రలుకూ ఎర్తుకూ మీటరు పెట్టాను. రెండూ విడిగా ఉంటే పలకకూడదు. బీప్‌మని పలికింది. స్క్రూలు తీసి ప్లగ్గును బయటికి లాగాను. న్యూట్రలు నుంచి ఎర్తుకు వేలెడంత నల్ల తీగ ముక్క. ఆకుపచ్చ వైరు అసలు లేదు.

"గోడకు టైల్సు అంటించేసినాక చూసుకున్నా, ఈడికి ఎర్తు వైరు లాగలేదని. తెల్లారితే గృహప్రవేశం. టైల్సు పగలగొట్టాలంటే భయమేసి, బల్బు వెలిగేటట్లు న్యూట్రలునే ఎర్తుకు కలిపి ఈ ముక్క వేసినా. ఆ బోర్డులో న్యూట్రలు ఫ్యూజు ఒక్కటి పోతే సాలు, గీజరు ఒళ్లంతా కరెంటు పాకుతాది."

కృష్ణవేణమ్మ వంగి ఆ తీగను చూసింది.

"నా కోడలు పురిటి స్నానం ఈడనే చేసింది కదప్పా. గృహప్రవేశం పొద్దు నీకు కొత్త పంచె పెట్టిస్తిమే. కండ్లకద్దుకుంటివే."

ఆ తీగ ముక్కను ఊడదీశాను.

"టైల్సు పగలగొట్టి వైరు లాగుతానక్కా. కింద ఎర్తు గుంత ఎండిపోయింటాది, దానికీ నీళ్లు పోసి చూడాల. అంతవరకు గీజరు వద్దు."

శివజ్యోతి కోప్పడలేదు. ఆస్పత్రిలో రోగిని అడిగినట్టే అడిగింది.

"ఇట్లాంటివి ఇంకా యాడయాడ వేసినావన్నా?"

ఒకటే అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆమె ఫోన్‌లో కొత్త పేజీ తెరిచి ఎదురుచూస్తోంది.

"రాసుకోమ్మా" అన్నాను. "శంకరాపురంలో గిడ్డమ్మోళ్ల మేడ. దాని ఎదురుగా వీరభద్ర మాస్టరుది..."

నేను చెప్తూ పోయాను, ఆమె రాస్తూ పోయింది. ఏడో ఇంటి పేరు చెప్పేసరికి కృష్ణవేణమ్మ గడప మీద కూలబడింది.