పదకొండో నంబరు బస్సుకు ఏడు ప్రశ్నలు

తమిళనాడులో ధర్మపురి దగ్గరి ఇండూరులోని చిన్న గ్రంథాలయంలో నెలకొక ఆదివారం పొద్దున పదిమంది గుండ్రంగా కూర్చుని, అందరూ చదివిన ఒకే నవల గురించి మాట్లాడుకుంటారు. మాట్లాడుకుంటారని పేరేగానీ, గడిచిన రెండు నెలలూ ఒకరు తమిళంలో "నల్లా ఇరుక్కు" అంటే ఇంకొకరు "ఆమా, అవును, బాగుంది" అనడం, ఆ తర్వాత అందరూ తినడానికి పెట్టిన సుండలు గుగ్గిళ్ళ గిన్నె వైపు చూడడం, అంతే జరిగింది. అందుకని గ్రంథాలయం చూసుకునే అంజలై ఈసారి ముందే ప్రశ్నలు రాసిపెట్టుకుందామంది. ఆ పని రక్షకు అప్పజెప్పింది.

రక్షకు పదహారేళ్ళు. ఊళ్ళో బడిలో ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి. గుంపులో నోరు తెరవదు, ఇంటికెళ్ళి డైరీ మాత్రం పేజీలకు పేజీలు నింపుతుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది తమిళ అక్షరాలు కాబట్టి ఆ డైరీ తెలుగు మాటలతో తమిళ అక్షరాలలో ఉంటుంది. దాన్ని ఎవరైనా తీసి చదివినా సగమే అర్థమవుతుందని ఆమె ధీమా. ప్రశ్నలు రాయమంటే సంతోషంగా తలూపింది. రాసినవాళ్ళే వాటిని అడగాలనే సంగతి తలూపిన తర్వాత తెలిసింది.

నవల పేరు 'పదకొండో నంబరు బస్సు'. పెరుమాళ్ అనే రిటైరైన కండక్టరుకు జ్ఞాపకం పోతుంటుంది. స్టాపుల పేర్లన్నీ వరసగా చెబుతాడు, కొడుకుల పేర్లు మాత్రం తప్పుతాడు. అతన్ని చూసుకునే కూతురు వడివు. రోజూ సాయంత్రం అతను "కణ్ణమ్మ వచ్చిందా?" అని చచ్చిపోయిన భార్య కోసం అడుగుతాడు. మొదట్లో వడివు నిజమే చెబుతుంది. అతను ఆ కబురు అప్పుడే విన్నట్టు ఏడుస్తాడు. కొన్నాళ్ళకు ఆమె "సంతకు పోయింది" అనడం మొదలుపెడుతుంది. నాన్నకు అబద్ధం చెబుతున్నావంటూ అన్న వడివుతో పోట్లాడతాడు.

ఈ నవలను రక్ష రెండుసార్లు చదివింది. కారణం ఇంట్లోనే ఉంది.

నాలుగేళ్ళ కిందట తాత కొండప్ప పోయాడు. ఆయన బతికినన్నాళ్ళూ సాయంత్రం ఆవులను తోలుకొచ్చేది ఆయనే. ఇప్పటికీ మెడగంటల చప్పుడు వినబడగానే నాగవేణమ్మ అవ్వ వాకిట్లోకి వచ్చి, "మీ తాత యాడమ్మా? ఆవులొచ్చె, మనిషి రాలేదే?" అంటుంది. ఆ వేళకు అమ్మ పాలు పోయడానికి సొసైటీకి పోయుంటుంది. పక్క వీధిలోని మేనత్త సరసమ్మ అవ్వకు తల దువ్వి అన్నం పెట్టడానికి వచ్చి ఉంటుంది. అత్త దువ్వెన ఆపకుండానే చెబుతుంది: "అమ్మా, నాయన పోయి నాలుగేండ్లాయె. నిన్న చెప్పినాను గదా." అవ్వ ముఖం వాడిపోతుంది. ఆ పూట ఇక ముద్ద దిగదు.

ఇలా చెప్పొద్దని అత్తకు ఎవరు చెప్పాలి? నాన్న తన అక్క ముందు గొంతెత్తడు. రక్ష అయితే అత్త ఎదుట నీళ్ళు కావాలని అడగడానికే రెండుసార్లు ఆలోచిస్తుంది. కానీ సరసమ్మత్త కూడా ఆ పదిమందిలో ఒకతె. వారం ముందే ప్రశ్నల కాగితం అందరికీ అందుతుంది. నోటితో చెప్పలేనిది కాగితంతో చెప్పవచ్చు గదా అనుకుంది రక్ష.

మొదటి చిత్తు ప్రతిలో పన్నెండు ప్రశ్నలు రాసింది. అంజలై కళ్ళద్దాలు పెట్టుకుని చదివి గట్టిగా నవ్వింది.

"ఏమి పాపా, రెండు మార్కులవి, అయిదు మార్కులవి అని వేరే పెట్టినావు! 'ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు?' అంటే మన వెంకటప్ప తాత చెయ్యెత్తి లేచి నిలబడతాడు. చెప్పి కూర్చుంటాడు. ఆపైన?"

"ఆపైన... ఏమీ లేదక్కా."

"అదీ! జవాబు పుస్తకంలో దొరికేటిది అడగొద్దు. పుస్తకం చెప్పకుండా వదిలేసింది అడుగు. అవును, కాదు అని తేల్చేది కూడా వద్దు. 'పిల్లలు పెద్దవాళ్ళను చూసుకోవాలా?' అంటే అందరూ చూసుకోవాలనే అంటారు. ఎవరు వద్దంటారు? ఫలానా పేజీ, ఫలానా ఘట్టం అని పట్టుకుంటే మాట ఎటో పోకుండా ఉంటుంది."

అంజలై వేలు ఆరో ప్రశ్న దగ్గర ఆగింది. 'మతిమరుపు మనిషికి చావు కబురు మళ్ళీ మళ్ళీ చెప్పి ఏడిపించడం క్రూరం కాదా?'

"ఇది ఎవరికి రాసినావు?"

రక్ష కాగితం వెనక్కి తీసుకోబోయింది. అంజలై రెట్టించలేదు.

"ఇది ప్రశ్న కాదు కణ్ణూ, తీర్పు. చివర కొక్కెం తగిలించినంత మాత్రాన ప్రశ్న అయిపోతుందా? దీన్ని విన్న మనిషి ఒప్పుకోవాల, లేదంటే లేచిపోవాల. మధ్యలో నిలబడే చోటు యాడుంది? వడివు పక్కన కూర్చున్నాననుకుని మళ్ళీ రాయి."

ముఖం కందగడ్డలా చేసుకుని రక్ష ఇంటికి వచ్చింది. పశువుల కొట్టం అరుగు మీద కూర్చుని వడివు నిజం చెప్పే నూట పన్నెండో పేజీ తీసింది. ఇదివరకు చదివినప్పుడు ఆమె కళ్ళు పెరుమాళ్ ఏడుపు మీదే నిలిచాయి. ఈసారి వడివును చూసింది. "అమ్మ పోయింది నాన్నా" అన్నాక వడివు కూడా అతని పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంటుంది. తల్లి పోయిన రోజు వానలో ఎవరెవరు వచ్చారో చెబుతుంది. అతను అడగకపోయినా చెబుతుంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక చెబుతున్నట్టుంది.  దువ్వెన పట్టిన అత్త చెయ్యి గుర్తొచ్చింది. "నాయన పోయి నాలుగేండ్లాయె" అనేటప్పుడు ఆ చెయ్యి వేగం తగ్గుతుంది. ఆ సంగతి రక్ష డైరీలో ఎక్కడా రాయలేదు.

పన్నెండు ప్రశ్నలు ఏడయ్యాయి. మొదటిది అందరూ జంకు లేకుండా చెప్పగలిగేది: పెరుమాళ్ చేసే పనుల్లో మీకు నవ్వు తెప్పించింది ఏది? తర్వాతవి అన్నదమ్ములు తండ్రిని నెలల లెక్కన పంచుకోవడం గురించి, వడివు ఉద్యోగం మానడం గురించి. ముగింపు మీది ప్రశ్న ఏడోది, అందరికంటే చివర. చదవడం పూర్తికానివాళ్ళు అప్పటికి కావాలంటే బయట టీ తాగొచ్చు. ఆరోది ఇలా మారింది: 'నూట పన్నెండో పేజీలో వడివు నిజం చెబుతుంది, నూట ముప్పై ఎనిమిదిలో అబద్ధం చెబుతుంది. రెండు చోట్లా ఆమె ఎవరిని కాపాడాలనుకుంది?'

అంజలై ఈసారి నవ్వలేదు. జిరాక్సుకు పంపించింది. ఒక్క మాట మాత్రం చెప్పింది. "అడిగినాక ఎవరూ పలకకపోతే భయపడి నువ్వే జవాబు చెప్పేయొద్దు. మనసులో పది లెక్కపెట్టు."

ఆదివారం వచ్చింది. రక్ష కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని మొదటి ప్రశ్న చదివింది.

"పాపా, కాగితం అడుగుతోందా, నువ్వడుగుతుండావా?" అన్నాడు వెంకటప్ప తాత. ఆయన పాత పోస్ట్‌మాన్. అందరూ నవ్వారు, రక్ష కూడా నవ్వింది, కాగితం దిగింది. పెరుమాళ్ మనవడి పెళ్ళిలో వచ్చినవాళ్ళందరికీ టికెట్లు కొట్టిన ఘట్టం తాత అభినయించి చూపాడు. ధర్మపురిలో బట్టల కొట్లో పనిచేసే శివరంజని కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. నెలల పంపకం దగ్గర మాట వేడెక్కింది. ఫిబ్రవరి నెల ఏ కొడుకుకు వచ్చిందో చూడండి, రెండు రోజులు తక్కువ అని శివరంజని పేజీ నంబరుతో సహా ఎత్తి చూపింది. సుండలు గిన్నె మూత ఎవరూ తీయలేదు.

ఆరో ప్రశ్న వచ్చింది. రక్ష పేజీ నంబర్లతో సహా పూర్తిగా అడిగింది.

రక్ష మనసులో లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... సరసమ్మత్త తన కాగితాన్ని నాలుగు మడతలు పెడుతోంది. ఏడు, ఎనిమిది...

"అబద్ధం చెప్పినప్పుడు వాళ్ళ నాయనను కాపాడింది," అంది శివరంజని. "నిజం చెప్పినప్పుడు ఎవరినో నాకు తెలియలేదు."

"తననే." సరసమ్మత్త ఆ ఒక్క మాట తమిళంలో అంది. తర్వాతి మాటకు తెలుగులోకి వచ్చేసింది. "వాళ్ళ అమ్మ చచ్చిపోయింది అనేది ఇంట్లో ఒక్క వడివుకే గుర్తుంది. నాయన మరిచిపోయె. అన్నదమ్ములు వాళ్ళ పనుల్లో పడిరి. ఇంకొక్కరన్నా తనతో కలిసి ఏడవాలని ఉంటుంది గదా? మా అమ్మ అడిగినప్పుడల్లా నాకు అట్లే... నాయన పోయినాడని నేనొక్కదాన్నే మోసుకొని తిరిగేది ఎట్ల?" ఆమె మడిచిన కాగితాన్ని మళ్ళీ విప్పింది. "చెప్పినాక అమ్మ తినదు. అదీ తెలుసు. అయినా సంతకు పోయినాడని చెప్పడానికి నోరు రాదు."

 వెంకటప్ప తాత కాళ్ళు చాపి, "నోరు రాదులే. నాకైనా రాదు," అన్నాడు.

అంజలై ఏమైనా అంటుందేమోనని రక్ష అటు చూసింది. అంజలై కిటికీ వైపు చూస్తోంది. అప్పుడు రక్ష నోట కాగితంలో లేని ప్రశ్న వచ్చింది.

"నిజమూ అబద్ధమూ రెండూ కాకుండా... వడివు చెప్పగలిగింది ఇంకేమన్నా ఉందా?"

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పేజీలు తిరగేసిన చప్పుడు. "నూట అరవై ఒకటి," అన్నాడు వెంకటప్ప తాత. "కణ్ణమ్మ మొదటిసారి ఏ స్టాపులో ఎక్కిందని పక్కింటి పిల్ల అడుగుతుంది. అప్పుడు పెరుమాళ్ అరపేజీ చెబుతాడు. ఏడుపే లేదు."

"ఆమా," అంది శివరంజని. "అతనికి కావాల్సింది జవాబు కాదేమో. ఆమె గురించి మాట్లాడుకోవడమేమో."

సరసమ్మత్త పుస్తకం తెరిచింది. నూట అరవై ఒకటో పేజీ మూల మడిచింది. గ్రంథాలయం పుస్తకం మడిచినా అంజలై చూసీ చూడనట్టు ఊరుకుంది. ఏడో ప్రశ్నకు టైము చాలలేదు, వచ్చే నెల దాంతోనే మొదలుపెడదామన్నారు.

ఆ సాయంత్రం మెడగంటలు వినబడ్డాయి. అవ్వ వాకిట్లోకి వచ్చింది. "సరసా, మీ నాయన యాడ? ఆవులొచ్చె, మనిషి రాలేదే?"

రక్ష అరుగు మీద డైరీ మూసి పట్టుకుని కూర్చుంది. అత్త చేతిలో దువ్వెన ఆగింది.

"అమ్మా," అంది అత్త, "నాయనకు నువ్వు ఏమి వండితే ఇష్టంగా తింటాండె?"

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది, ఇంత తెలియని కూతురిని ఎందుకు కన్నానన్నట్టు. "ఏమే, నీకు తెలియదా? రాగి ముద్ద, ఉలవ చారు. ఇంకేమి పెట్టినా మూతి తిప్పుతాడు. పెండ్లయిన కొత్తలో పప్పు చేస్తే గిన్నెతో తీసుకపోయి దూడకు పెట్టినాడు, తెలుసునా?"

"దూడకా!"

"దూడ కూడా తినలేదు."

అత్త నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు అద్దుకుంది, మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది. అవ్వ ఆ దూడ పేరు, దాని తల్లి పేరు, ఆ తల్లిని ఏ సంతలో కొన్నారో అన్నీ చెప్పింది. తాత పోయాడన్న మాటా రాలేదు, వస్తాడన్న మాటా రాలేదు. అన్నం పళ్ళెం సగం కంటే ఎక్కువే ఖాళీ అయింది.

కడపటి ముద్ద దగ్గర అవ్వ మళ్ళీ వాకిలి కేసి చూసింది. "అవును సరసా, మీ నాయన యాడ?"

అత్త రక్ష వైపు చూసింది. ఆ చూపు అర్థమై, వెయ్యి మందిలో అయినా అడగగలనన్నంత తెగువతో రక్ష అరుగు దిగి వచ్చింది.

"అవ్వా, ఉలవ చారులోకి తాతకు వెల్లుల్లి వెయ్యల్నా, వద్దా?"

"వెయ్యకపోతే ఇంటికే రాడు!" అంది అవ్వ, ఇంకొక ముద్దకు నోరు తెరుస్తూ.