అందరికీ తెలిసిన తొమ్మిదో రోజు

మా పేపర్ మొదటిసారి తిరిగొచ్చినప్పుడు అందులో మా రాత కంటే ప్రమీలాదేవి మేడం ఎర్ర సిరాయే ఎక్కువ కనిపించింది. మేమంటే నేనూ, నా రూమ్మేట్ శ్రీజా. సిద్దిపేటలో బీఏ చదువుతూ హాస్టల్లో ఉంటున్నాం. బతుకమ్మ మీద మొదటిసారి పరిశోధన పేపర్ రాశాం. బాగుంటే కాలేజీ సెమినార్లో చదవనిస్తారు. మా ఊరు ధూళిమిట్టలో ఉన్న అమ్మకు ఆ మాట చెప్పిన మర్నాడే ఆమె కొత్త చీర కొనేసింది. బిడ్డ మైకులో మాట్లాడుతుందని వాడకట్టంతా చెప్పేసింది కూడా. అంటే పేపర్ తప్పితే నా ఒక్కదాని పరువే కాదు, చీర పరువు కూడా పోతుంది.

అన్నిటి కింద మేడం తేల్చింది ఒక్క ముక్కలో: 'అవసరం లేనిచోట ఆధారాలున్నాయి. అవసరమైనచోట లేవు.'

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలంగాణ రెండువేల పధ్నాలుగు జూన్‌లో ఏర్పడిందన్న దానికి ఫుట్‌నోట్ పెట్టాం. బతుకమ్మ పూల పండుగ అన్న దానికీ పెట్టాం. సిద్దిపేట తెలంగాణలో ఒక జిల్లా అన్న దానికైతే రెండు వెబ్‌సైట్లు చూపించాం. ఇంత నిజాయితీపరులను ఎర్ర సిరాతో కొడతారా?

మేడం కూర్చోబెట్టి చెప్పిన తర్వాత మా నిజాయితీ సంగతి అర్థమైంది. మేము వెతికి చూసిన ప్రతిదానికీ ఫుట్‌నోట్ పెట్టాం, ఇంట్లో విని నేర్చుకున్న ఏ ఒక్కదానికీ పెట్టలేదు. వెతికామా లేదా అన్నది లెక్క కాదట. మన పేపర్ చదివేవాళ్ళకు అది ముందే తెలిసి ఉండాలి, ఏ మామూలు పుస్తకం తెరిచినా పేచీ లేకుండా దొరకాలి. అలాంటిదానికి ఆధారం అక్కర్లేదు. అంకెలు, ఒకరు పరిశోధించి తేల్చినవి, ఒకరి అభిప్రాయం, నలుగురూ నాలుగు రకాలుగా చెప్పేవి, వీటికి పెట్టి తీరాలి. అందరికీ తెలిసిన సంగతే అయినా ఇంకొకరి వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే, అప్పుడూ ఆ మనిషి పేరు చెప్పాలి. అనుమానం వస్తే పెట్టేయడమే మంచిదన్నారు.

బతుకమ్మ పూలు చెరువు నీళ్ళను శుభ్రం చేస్తాయని రాసుకున్నాం. దాని పక్కన 'ఎవరు పరీక్షించారు?' అని ఉంది. శ్రీజ ఫోన్లో తెల్లవార్లూ కాకపోయినా చాలాసేపే వెతికింది. ఒకరిని చూసి ఒకరు రాసినవే తప్ప, నీళ్ళు తీసి పరీక్ష చేసినవాళ్ళు మాకు దొరకలేదు. ఆ వాక్యాన్ని 'శుభ్రం చేస్తాయని నమ్మకం' అని మార్చి, అలా రాసిన ఒక పత్రిక పేరు కింద చూపించాం.

ఒక్కచోట మాత్రం నేను మొండికేశాను. 'ప్రతి ఊళ్ళో సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజున జరుగుతుంది' అన్నది మా మొదటి వాక్యం. పెద్ద బతుకమ్మను పేర్చి, సద్దులు, అంటే పులిహోర, పెరుగన్నం లాంటివి, కలుపుకుని చెరువుకు పోయే ఆఖరి రోజు అది. మిగతా పేపరంతా ఆ తొమ్మిది రోజుల వరుస మీదే నిలబడింది. ఇది పుట్టిన పిల్లకు కూడా తెలుసని వాదించాను.

"అందరికి తెలుసంటున్నవు. అందరంటే ఎవరు?" అన్నారు మేడం. శుక్రవారంలోగా సరిచేసి ఇవ్వకపోతే శనివారం సెమినార్‌కు ఇంకొకరి పేపర్ తీసుకుంటానని కూడా చెప్పారు.

ఆ పూట హాస్టల్ మెస్సులో అన్నం పళ్ళెం పట్టుకుని అందరినీ అడిగాను. గెలుస్తాననే అడిగాను. ఒకరు తొమ్మిది, ఇంకొకరు తొమ్మిది. మూడో బెంచీ దగ్గర వేములవాడ పిల్ల దేవిక తల కూడా ఎత్తకుండా, తమ ఊళ్ళో ఏడో రోజేనంది. అంతే, మెస్సు రెండు ముక్కలైంది. ఏడో రోజు సద్దులేందని వీళ్ళు, తొమ్మిది దాకా ఎవరాగుతరని వాళ్ళు. మాటలతో తేలక ఎవరి ఊరి పాట వాళ్ళు ఎత్తుకున్నారు. కాసేపటికి ఏడూ లేదు తొమ్మిదీ లేదు, బెంచీలు గోడకు జరిపి అందరం ఒకటే గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతున్నాం. పప్పు చల్లారిపోయింది. వార్డెన్ వచ్చి తిడుతుందనుకుంటే, చీర చెంగు దోపుకుని ఆమె కూడా వరసలో కలిసింది.

నవ్వీ నవ్వీ గదికొచ్చాక అసలు సంగతి తట్టింది. మొదటి వాక్యమే తప్పు. ఇక చీర సంగతేమిటి? శ్రీజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కనీసం మా ఊరి తొమ్మిదో రోజుకైనా ఒక మనిషి పేరుతో ఆధారం ఉండాలని అమ్మకు ఫోన్ చేశాను. మన ఊళ్ళో సద్దులు తొమ్మిదో రోజే కదా, నీ పేరు రాసుకుంటానని అడిగాను.



"మీ ఊళ్ళె తొమ్మిదే బిడ్డా," అంది అమ్మ. "మా అమ్మగారింట ఏడోనాడే."

అమ్మ పుట్టిల్లు వేములవాడ దిక్కున ఒక చిన్న ఊరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె మా ఇంట్లో తొమ్మిదో రోజునే బతుకమ్మ పేరుస్తోంది. నాకెన్నడూ చెప్పలేదేమని అడిగాను.

"నువ్వెన్నడన్న అడిగినవా? పెండ్లయిన మొదటేడు ఏడోనాడు పొద్దుగాల్నే తంగేడు తెంపుకొచ్చుకొని కూసున్న. మీ నాయినమ్మ నవ్వింది, ఇంక రెండు దినాలున్నయి కదనే అని. గప్పటిసంది ఊకున్న."

లోకమంతటికీ తెలుసని వాదించినదాన్ని, మా వంటింట్లో సంగతి నాకు తెలియదు. ఈ మాటలన్నీ పేపర్లో రాయనా అని అడిగాను.

"రాయి. ఊరు మాత్రం మా అమ్మగారి ఊరే పెట్టు."

పొద్దున్నే మొదటి వాక్యాన్ని కొట్టేసి మళ్ళీ రాశాం. సద్దుల రోజు ఊరిని బట్టి మారుతుందని, మేము అడిగినవాళ్ళలో కొందరికి ఏడు, కొందరికి తొమ్మిది అని. వరుస కూలిపోతుందనుకున్న పేపర్ అసలు అక్కడే లేచి నిలబడింది. ఒప్పుకున్న ప్రతి పిల్ల పేరూ, ఊరూ, మాట్లాడిన తేదీ కింద ఫుట్‌నోట్లో చేరాయి. తెలంగాణ పుట్టిన తేదీకీ, మా జిల్లాకూ ఉన్న ఫుట్‌నోట్లు ఊడిపోయాయి. మేడం చదివి, ఎర్ర పెన్ను మూత పెట్టి, శనివారం అందరికంటే ముందు మీరే చదవండన్నారు. శ్రీజ అక్కడే నన్ను వాటేసుకుంది.

అమ్మ కొత్త చీరలో బస్సు దిగి వచ్చి ముందు వరుసలో కూర్చుంది. మైకు ముందు నిలబడి మొదటి వాక్యం చదివాను. తెర మీద ఫుట్‌నోట్ పడ్డప్పుడు అమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని తన పేరూ, దాని పక్కన పుట్టింటి ఊరి పేరూ చదువుకుంది. పక్కన కూర్చున్న ఎవరో ముక్కూముఖం తెలియని ఆమె చెయ్యి పట్టుకుని చూపించింది. అమ్మ ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. సంతోషంతో ఒక పేరా వదిలేసి చదివాను, ఎవరూ పట్టుకోలేదు.

బతుకమ్మకు ఇంటికి వెళ్ళాను. ఏడో రోజు పొద్దున అమ్మ వాకిట్లో తాంబాళం పెట్టుకుని తంగేడు, గునుగు పూలు పేరుస్తోంది. సద్దులు కలిపి పక్కన పెట్టింది. గోడవతల నుంచి పక్కింటి రాములవ్వ తొంగిచూసి, ఇవాళ్నే సద్దులేందని అడిగింది.

"మా దిక్కు ఏడోనాడే," అంది అమ్మ, తల ఎత్తకుండా. "నమ్మకుంటె మా ఉష కాలేజి పేపర్ల చూసుకో. అండ్ల రాసున్నది."

రాములవ్వ నా దిక్కు తిరిగి నిజమేనా అంది. నిజమే, ఆధారంతో సహా ఉందన్నాను. ఆ ఆధారం మా వాకిట్లోనే కూర్చుని ఉందని మాత్రం చెప్పలేదు. అమ్మ లేచి, గునుగు రంగంటిన చేత్తోనే గోడ మీది నుంచి రాములవ్వకు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద అందించింది. రాములవ్వ అది తిని, ఏడోనాడైతే ఏడోనాడే, ఇంకో ముద్ద పెట్టమని చెయ్యి చాపింది.