వంద జరిమానా

మా ఆయనకు లెక్కలంటే ప్రాణం. ఆ ప్రాణం మా అందరి ప్రాణాలూ తోడేస్తుంటుంది. పెద్దపిల్ల బడి ఫీజు రసీదులో రెండో వాయిదా ఆలస్యమైందని వంద జరిమానా కనబడగానే చొక్కా తొడుక్కుని, నన్నూ లాక్కెళ్లారు.

"గడువు పదో తేదీ. నేను పదినే కట్టాను. మీరు పన్నెండున ఎక్కించుకుంటే నాకేంటి?" అని ఫీజు కౌంటర్ దగ్గర గర్జించారు.

గుమస్తా అమ్మాయి ఆయన చూపించిన బ్యాంకు కాగితం చూసి, జరిమానా ఎత్తేసింది.

అక్కడితో ఆగితే ఆయన మా ఆయనెందుకవుతారు?

"ఇద్దరు పిల్లల లెక్కా మొదటి నుంచీ చూడండి. ఇంకెన్ని తప్పులున్నాయో!"

ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా చూసింది.

"ఇంకోటుంది సార్. తోబుట్టువుల రాయితీ రెండో పిల్లకే. పొరపాటున పెద్దపాపకి కూడా మూడు వేలు తగ్గించాం. తన చివరి వాయిదా ఏడు వేలు కాదు, పది."

ఇద్దరి చివరి వాయిదాలూ కలిపి పద్నాలుగు వేల వంద ఉన్న బాకీ, కొత్త రసీదులో పదిహేడు వేలయింది. కొరివితో తల గోక్కోవడం ఇంత ఖరీదని నాకు తెలియదు.

గేటు దాటాక ఆయన మీసం దువ్వుకున్నారు.

"చూశావా, జరిమానా ఎలా ఎత్తేయించానో!"