ఇండ్ల జాగను సాగుభూమి అన్నరు

డిప్యూటీ కలెక్టర్ తలెత్తి చూడనన్న చూడలే. కాయితాల మీద దస్తకతు పెట్టుకుంటనే అన్నడు: "ధాన్యం గోదాములకు జాగ అర్జంటు. గీ కేసుల అభ్యంతరాలు వినేది లేదు. పొండి."

"ఇండ్లు పోతున్నయి సారూ. మా మాట వినకుండ ఎట్ల తీసుకుంటరు?" అన్నది రిబ్కమ్మ.

"వినొద్దని నేను చెప్తలే. చట్టమే చెప్తుంది."

జవాను తలుపు చూపిచ్చిండు. రిబ్కమ్మ, ఆమె తమ్ముడు యెషయా బయటికొచ్చిన్రు. అది అరవై ఏడో సాలు. సుల్తానాబాద్ పక్క ఊర్లె చర్చి వెనుక రిబ్కమ్మోళ్ల వాడ, వాడకు ఆనుకొని యెషయా వరిపొలం. సర్కారు రెండిటికీ వేరువేరు నోటీసులు తీసింది. రెండిట్లనూ ఒక్కటే మాట: సాగుభూమి, అర్జంటు, విచారణ లేదు.

కరీంనగర్ల వకీలు రామచంద్రం నోటీసులు రెండూ చదివి, కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు.

"భూమి తీసుకునే ముందు అభ్యంతరం వినాలె. అది మీ హక్కు. కని అర్జంటున్నప్పుడు సర్కారు గా హక్కును పక్కకు పెట్టొచ్చని అదే చట్టంల ఉంది. అయితే బీడుభూమికో, సాగుభూమికో మాత్రమే. ఇండ్లున్న జాగకు గా మాట చెల్లది. రిబ్కమ్మా, మీ వాడను సాగుభూమి అని రాసిన్రు. గక్కడ పట్టుకుంట."

"మరి నా పొలం?" అన్నడు యెషయా.

"నీది సాగుభూమే గదా. అర్జంటు లేదని కొట్లాడొచ్చు. కని అర్జంటు అవునా కాదా అనేది సర్కారు తేల్చుకునేది. కుట్రతోని చేసిన్రని చూపెడితే తప్ప కోర్టు అండ్ల వేలు పెట్టది."

యెషయా అక్క దిక్కు తిరిగిండు. "ఇద్దరం ఒక్కటే దరఖాస్తు వేద్దామక్కా. నీ ఇండ్ల చాటున నా పొలం కూడ బయటపడ్తదేమో."

రిబ్కమ్మ వకీలు మొఖం చూసింది. కలిపితే ఆమె కేసు పలచనైతదని ఆయన మొఖంలనే కనవడ్డది.

"వాడ మొత్తం నా మీద ఉన్నది తమ్మీ," అన్నది. "వేరేనే వేద్దాం."

యెషయా వాపసు వస్తుంటే బస్సుల ఆమె పక్కన కూసోలే.

హైకోర్టుల సర్కారు వకీలు రికార్డు చూపెట్టి, వాడ జాగ సాగుభూమే అన్నడు. రామచంద్రం పెట్టిన ఇండ్ల ఫోటోలను జడ్జి చూసిండు. రికార్డుల ఏం రాసుకున్నా, నేల మీద ఏమున్నదో తాము చూడొచ్చన్నడు. ఇండ్ల మీద అర్జంటు ఉత్తర్వు కొట్టేసి, వాళ్ల అభ్యంతరాలు విన్నంకనే ముందుకు పోవాలని తీర్పిచ్చిండు. యెషయా దరఖాస్తు మాత్రం నిలవలే. గోదాములు నిజంగ కావాలె, భూమి నిజంగ సాగుభూమే. చట్టం వద్దన్న విచారణను కోర్టు తెచ్చి ఇయ్యలేదు.

విచారణ నాడు డిప్యూటీ కలెక్టర్ రిబ్కమ్మను నిలవెట్టే మాట్లాడిచ్చిండు.

"కోర్టుకు పోయి నన్ను బద్నాం చేసినవు. ఇగ చెప్పు."

ఆమె చెప్పింది. ఆయన కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూసున్నడు.

"అయిపోయిందా? పో."

"ఏం రాసిన్రో ఒకసారి చదివిపియ్యున్రి సారూ."

గుమాస్తా నసుక్కుంట చదివిండు: "ఇల్లు పోతదని ఏడ్చినది."

"నేను ఏడ్వలే. రోడ్డు అవతల సర్కారు జాగ ఖాళీగ పడావున్నది, గోదాములు అక్కడ కట్టున్రి అన్న. అది రాయున్రి."

"నువ్వు నాకు నేర్పుతవా?"

వెనుక కూసున్న రామచంద్రం లేచిండు. "ఆమె చెప్పింది రాయకపోతే విన్నట్టు కాదు సారూ. మల్లా గదే కోర్టుకు పోవాల్సి వస్తది."

ఆఫీసరు పండ్లు కొరికిండు. గుమాస్తా చేతిల కాయితం గుంజుకొని తనే రాసిండు. "నా రిపోర్టు సర్కారుకు పోతది. వినుడు వేరు, ఒప్పుకునుడు వేరు. యాదికుంచుకో."

"ఉంచుకుంట," అన్నది రిబ్కమ్మ.

రిపోర్టు చూసినంక సర్కారు ఇండ్లను విడిచిపెట్టింది. గోదాములు రోడ్డు అవతల కొన్ని, యెషయా పొలంల కొన్ని లేచినయి.

వాడోళ్లు చర్చిల కృతజ్ఞత ప్రార్థన పెట్టిన్రు. యెషయా లోపలికి రాలే. ప్రార్థన అయినంక రిబ్కమ్మ అతని ఇంటికి పోయింది. అతను భార్య తల్లిగారూరు చొప్పదండికి పోతందుకు సామాను కడ్తుండు.

"నీ మాటను ఆ ఆఫీసరు తన చేత్తోని రాసిండట," అన్నడు, తాడు ముడి బిగిచ్చుకుంట. "నా పొలం సంగతి నన్ను ఒక్కడన్న అడిగిండా?"

"చట్టం గట్లున్నది తమ్మీ."

"చట్టం అడగలే, సరే. నువ్వన్న అడిగినవా, వేరే వేద్దామనే ముందు?"

యెషయా మూట ఎత్తుకొని ఆమెను తప్పుకొని బయటికి పోయిండు.